ఇంగ్లీషు తరగతికి వ్యాస ప్రశ్న తయారు చేయడం: పాఠకుడు, ఉద్దేశం, పదపరిమితి (తరచుగా అడిగే ప్రశ్నలు)

డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇంగ్లీషు రచన నేర్పే అధ్యాపకులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు సమాధానాలు ఇవి. ఉదాహరణలన్నీ ఒకే అంశం చుట్టూ తిరుగుతాయి: కాలేజీ లైబ్రరీ. ఒకే అంశం మీద ప్రశ్న మారినప్పుడు వ్యాసం ఎలా మారుతుందో చూడడానికి అదే సులువైన దారి. వ్యాస ప్రశ్నలను విద్యార్థులకు ఇంగ్లీషులోనే ఇస్తాము. ఇక్కడ మాత్రం వాటి సారాన్ని తెలుగులో చెప్పాను.

టాపిక్ ఇచ్చి రాయమంటే సరిపోదా? వ్యాస ప్రశ్న అని వేరుగా ఎందుకు అనుకోవాలి?

“గ్రంథాలయాల ప్రాముఖ్యం గురించి వ్యాసం రాయండి” అని బోర్డు మీద రాస్తే మనం ఇచ్చింది టాపిక్ మాత్రమే. ఎవరికి రాయాలో, చదివినవారు చివరకు ఏమి చేయాలో, ఎక్కడ ఆపాలో అందులో లేదు. ఆ మూడింటినీ విద్యార్థి తనంతట తానే నిర్ణయించుకోవలసి వస్తుంది. నిర్ణయించుకోలేనప్పుడు పదో తరగతిలో గైడు నుంచి బట్టీ పట్టిన వ్యాసం గుర్తుకు వస్తుంది. “ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్” అనో “యాజ్ వి ఆల్ నో” అనో మొదలై, పుస్తకాలు మనిషికి నేస్తాలన్న వాక్యం మీదుగా సాగి, అందరూ గ్రంథాలయాలను ఉపయోగించుకోవాలన్న కోరికతో ముగిసే వ్యాసం అది. అరవై మంది రాస్తే అరవై కాగితాలూ ఒకేలా ఉంటాయి. దాన్ని విద్యార్థుల సోమరితనం అనుకోవడం పొరపాటు, ఎందుకంటే మనం అడిగిన ప్రశ్నకు ఆ సమాధానం సరిగ్గా సరిపోయింది.

పాఠకుడిని ఎలా ఎంచుకోవాలి?

పాఠకుడి పేరో హోదానో ప్రశ్నలో చేర్చినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆ పాఠకుడికి ఈ విషయంలో ముందే ఏమి తెలుసో, ఏమి తెలియదో, చదివిన తరువాత ఏమి చేయగలడో మనకు తెలిసి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా ఆ పాఠకుడు ప్రశ్నలో అలంకారంగానే మిగిలిపోతాడు.

లైబ్రరీ అంశాన్నే ఇద్దరు పాఠకులకు రాయించి చూద్దాం. మొదటివారు నెల క్రితం కాలేజీలో చేరి, లైబ్రరీ గడప ఇంకా తొక్కని జూనియర్లు. వారికి సభ్యత్వ కార్డు ఎక్కడ ఇస్తారో తెలియదు, ఒకసారికి ఎన్ని పుస్తకాలు తీసుకోవచ్చో తెలియదు, గడువు దాటితే జరిమానా ఉంటుందని తెలియదు. వారికి రాసే వ్యాసంలో లైబ్రరీ గొప్పదనం అవసరం లేదు. మెట్లెక్కగానే ఎటు తిరగాలో చెప్పాలి. వాక్యాలు చిన్నవిగా, వరుసక్రమంలో ఉండాలి, ముందు, తరువాత, ఆపై అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు సహజంగానే వచ్చి పడతాయి.

రెండోవారు కాలేజీ లైబ్రరీ కమిటీ సభ్యులు, అంటే ప్రిన్సిపాల్, లైబ్రేరియన్, ఇద్దరు అధ్యాపకులు. లైబ్రరీ ఎప్పుడు తెరుస్తారో, ఎన్ని పుస్తకాలు ఉన్నాయో వారికి విద్యార్థి చెప్పనక్కరలేదు. సాయంత్రం తరగతులు అయిపోయాక ఊరి బస్సు వచ్చేదాకా విద్యార్థులు ఎక్కడ కూర్చుంటున్నారన్నది మాత్రం వారికి తెలియదు. వేళలు మార్చే అధికారం వారి చేతిలో ఉంది, మార్చకపోవడానికి కారణాలూ వారి దగ్గర ఉన్నాయి. కాబట్టి ఈ వ్యాసంలో కారణం చూపే మాటలు, అభ్యంతరాన్ని ఒప్పుకుంటూనే దాటే “ఆల్దో”, “ఈవెన్ ఇఫ్” వంటివి రావలసిందే. వ్యాకరణ పాఠంలో మనం పదిసార్లు చెప్పినా వాడని ఆ మాటలను పాఠకుడే విద్యార్థి చేత వాడిస్తాడు.

సాధారణంగా జరిగే తప్పులు రెండు. “సాధారణ ప్రజలు”, “సమాజం” అని రాయడం మొదటిది. ఏమి తెలుసో ఏమి తెలియదో ఊహించలేని పాఠకుడు అసలు లేనట్టే. ప్రధానమంత్రికో ముఖ్యమంత్రికో రాయమనడం రెండోది. అంత పెద్ద పదవి కనబడగానే మన విద్యార్థుల కలం వినయంలోకి జారుకుంటుంది. “రెస్పెక్టెడ్ సర్, ఐ హంబ్లీ బెగ్ టు స్టేట్” అనే ధోరణిలో మర్యాదలకే నలభై పదాలు ఖర్చవుతాయి, విషయం మూడో పేరాలో గాని మొదలుకాదు. పాఠకుడు విద్యార్థి వెళ్లి కలవగలిగినంత దగ్గరలో ఉంటే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

చివరకు చదివి మార్కులు వేసేది మాస్టారే కదా. ఈ పాఠకుడు ఉత్త నటన కాదా?

కొంతవరకు నటనే. ఆ సంగతి దాచకుండా ఒప్పుకున్న పరీక్షలూ ఉన్నాయి. కేంబ్రిడ్జి వారి బి2 ఫస్ట్ పరీక్షలో మొదటి వ్యాసానికి, మీ తరగతిలో ఫలానా విషయం గురించి మాట్లాడుకున్నారు, ఇప్పుడు మీ ఇంగ్లీషు టీచరు వ్యాసం రాయమన్నారు అనే సందర్భాన్నే ఇస్తారు. అక్కడ పాఠకుడు టీచరే. అబద్ధపు పాఠకుడి కన్నా ఇది నయం.

అయితే టీచరే పాఠకుడైనప్పుడు ఒక చిక్కు ఉంది. టీచరుకు అన్నీ తెలుసునన్న భావంతో విద్యార్థి వివరాలు వదిలేస్తాడు. “లైబ్రరీలో సమస్యలు చాలా ఉన్నాయి” అని రాసి, ఆ సమస్యలేవో చెప్పకుండా తరువాతి మాటకు వెళ్లిపోతాడు. అందుకే తెలియని పాఠకుడిని మధ్యలో పెట్టడం. వీలైతే నటనను తగ్గించండి: జూనియర్ల కోసం రాయించిన వ్యాసాల్లో రెండింటిని గోడపత్రికలో పెట్టండి, కమిటీకి రాయించినవాటిలో ఒకదాన్ని నిజంగానే లైబ్రేరియన్ గారికి ఇవ్వండి. ఏటా ఒక్కసారి అలా జరిగినా, తరువాతి ప్రశ్నల్లోని పాఠకుడిని విద్యార్థులు నమ్ముతారు.

ఉద్దేశాన్ని ప్రశ్నలో ఎలా చెప్పాలి?

ఒక్క క్రియతో చెప్పాలి, ఆ క్రియ తరువాత పాఠకుడిలో రావలసిన మార్పును చెప్పాలి. మన ప్రశ్నపత్రాల్లో ఎక్కువగా కనబడే “డిస్కస్” అనే మాటకు విద్యార్థి దగ్గర అర్థం లేదు. తెలిసినదంతా రాయమని దానికి అతడు చెప్పుకునే అర్థం. “ఎక్స్‌ప్లెయిన్” అంటే పాఠకుడికి తెలియనిది తెలియాలి. “పర్స్యుయేడ్” అంటే పాఠకుడు ఇప్పుడు ఒప్పుకోనిదానికి ఒప్పుకోవాలి. “డిస్క్రైబ్” అంటే పాఠకుడు చూడనిదాన్ని చూసినట్టు ఉండాలి. “లైబ్రరీని వర్ణించి, దాని ఉపయోగాలను చర్చించి, మెరుగుదలకు సూచనలు ఇవ్వండి” అన్న ప్రశ్నలో మూడు వ్యాసాలు ఉన్నాయి. 200 పదాల్లో విద్యార్థి మూడింటినీ మొదలుపెట్టి, ఏ ఒక్కటీ పూర్తి చేయలేడు.

పదపరిమితి ఎంత పెట్టాలి? దాన్ని ఎలా లెక్కకట్టాలి?

పదపరిమితిని చివర్లో అలవాటుగా తగిలించే అంకెగా చూడడం వల్లనే ఎక్కువ ప్రశ్నలు చెడిపోతున్నాయి. అంకెను రెండు వైపుల నుంచి లెక్కకట్టాలి: ఉన్న సమయం ఒకవైపు, చెప్పవలసిన విషయం మరొకవైపు.

ముందు సమయం. 50 నిమిషాల పీరియడ్‌లో హాజరు, ప్రశ్న చదవడం కలిపి 5 నిమిషాలు, ఆలోచించి చిత్తుగా రాసుకోవడానికి 10, చివర్లో చదివి దిద్దుకోవడానికి 10 పోతే రాయడానికి 25 నిమిషాలు మిగులుతాయి. నా తరగతుల్లో మధ్యస్థంగా రాసే విద్యార్థి సొంతంగా ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు నిమిషానికి ఎనిమిది, తొమ్మిది పదాలు రాస్తాడు. అంటే 200 నుంచి 225 పదాలు. అదే పీరియడ్‌లో 500 పదాలు అడిగితే ఆలోచించే, దిద్దుకునే సమయాలు రెండూ రాతలోకి పోతాయి, అయినా అంకె చేరదు. చేరడం కోసం ఒకే మాటను మూడు విధాలుగా తిప్పి రాస్తారు. మీ తరగతి వేగం వేరుగా ఉండవచ్చు, కాబట్టి ఒకసారి గడియారం పెట్టి కొలిచి చూడండి.

తరువాత విషయం. కమిటీకి రాసే వ్యాసంలో తప్పక ఉండవలసినవి: ఏమి అడుగుతున్నారో చెప్పడానికి సుమారు 30 పదాలు, ఇప్పటి పరిస్థితికి 70, ఒక అభ్యంతరానికీ దాని సమాధానానికీ 80, ఆచరణలో ఎలా మొదలుపెట్టవచ్చో చెప్పడానికి 40. మొత్తం 220. సమయం ఇచ్చిన అంకె, విషయం ఇచ్చిన అంకె దగ్గరగా ఉన్నాయి కాబట్టి 200 నుంచి 240 అని ఇవ్వవచ్చు. రెండూ దూరంగా ఉంటే సమయాన్నయినా పెంచాలి, విషయాన్నయినా తగ్గించాలి; అంకెను మాత్రం సర్దకూడదు.

తెలుగువాళ్లం ఇక్కడ ఒక విషయంలో తప్పు అంచనా వేస్తుంటాం. తెలుగులో “వెళ్లలేకపోయాను” ఒక్క మాట; ఇంగ్లీషులో “ఐ కుడ్ నాట్ గో” నాలుగు. తెలుగులో విభక్తులూ సహాయక క్రియలూ మాటలోనే కలిసిపోతాయి, ఇంగ్లీషులో వేరువేరు పదాలుగా నిలబడతాయి. అందువల్ల తెలుగు వ్యాసానికి 150 పదాలు ఎంత విషయాన్ని మోస్తాయో ఇంగ్లీషు వ్యాసానికి అంతే మోస్తాయనుకోకూడదు. తెలుగులో చిత్తు రాసుకుని ఇంగ్లీషులోకి మార్చుకునే విద్యార్థులకు ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే పరిమితి దాటిపోయి ఎందుకు దాటిందో అర్థంకాక చివరి పేరా కొట్టేస్తారు.

“కనీసం”, “మించకుండా”, “సుమారు” వీటిలో ఏది వాడాలి?

ఏది వాడితే విద్యార్థి ఆ విధంగా ప్రవర్తిస్తాడు. ఐఈఎల్‌టీఎస్ రెండో వ్యాసానికి కనీసం 250 పదాలు, సూచించే సమయం 40 నిమిషాలు. భాష ఎంతవరకు వచ్చునో కొలవడానికి తగినంత రాత కావాలి కాబట్టి అక్కడ కింది హద్దు ఉంది. అమెరికా కాలేజీలకు దరఖాస్తు చేసే మన పిల్లలు ఎదుర్కొనే కామన్ అప్లికేషన్ వ్యాసానికి 650 పదాల పై హద్దు ఉంది. వేల దరఖాస్తులు చదివేవారికి అది అవసరం. బి2 ఫస్ట్‌లో 140 నుంచి 190 అని రెండు హద్దులూ ఇస్తారు.

తరగతి గదికి రెండు హద్దులే మంచివని నా అభిప్రాయం. కింది హద్దు మాత్రమే ఉంటే నింపడం నేర్చుకుంటారు. పై హద్దు మాత్రమే ఉంటే బలహీనంగా రాసే విద్యార్థి 60 పదాలతో ఆపి, మించలేదు కదా అంటాడు. “సుమారు 200” అన్నప్పుడు ఒకరికి 150 కూడా సుమారే, మరొకరికి 300 కూడా సుమారే. “రెండు పేజీలు” అనడం మరీ ప్రమాదం, ఎందుకంటే అక్షరాల సైజు పెరుగుతుంది.

పూర్తి ప్రశ్న ఒకటి చూపించగలరా?

“మన కాలేజీ లైబ్రరీని సాయంత్రం 4.30కు మూసివేస్తున్నారు. సెమిస్టర్ పరీక్షలకు ముందు నెల రోజులు 6 గంటల వరకు తెరిచి ఉంచేలా లైబ్రరీ కమిటీని ఒప్పిస్తూ వ్యాసం రాయండి. లైబ్రరీ వేళలు, సిబ్బంది డ్యూటీ వేళలు కమిటీ సభ్యులకు తెలుసు, 4.30 నుంచి 6 వరకు మీరు ఎక్కడ, ఎలా గడుపుతున్నారో తెలియదు. వారు చెప్పగల అభ్యంతరాల్లో కనీసం ఒకదానికి సమాధానం ఇవ్వండి. 200 నుంచి 240 పదాలు.”

ఇంగ్లీషులో ఇది డెబ్భై ఎనభై పదాలకు మించదు. దీనికి వచ్చే సమాధానాలు ఏ తీరుగా ఉంటాయో చూడండి. ఒక విద్యార్థి “లైబ్రరీలు విజ్ఞాన భాండాగారాలు” అని మొదలుపెట్టాడనుకుందాం. పాత ప్రశ్న అయితే ఆ వాక్యాన్ని తప్పు పట్టడానికి మనకు ఆధారం లేదు. ఇప్పుడు “ఇది కమిటీకి తెలియని సంగతా?” అని పక్కన రాస్తే చాలు, ఆ వాక్యం ఎందుకు పోవాలో అతడికే అర్థమవుతుంది. మరో విద్యార్థిని తన ఊరి బస్సు 6 గంటల తరువాతగాని లేదని, ఆ గంటన్నర బస్టాండులో నిలబడి ఉంటానని, అక్కడ కూర్చోవడానికి చోటు కూడా ఉండదని రాసి, ఆలస్యమైతే అమ్మాయిలకు క్షేమం కాదని కమిటీ అనవచ్చు గాని ఆ సమయంలో బస్టాండు కన్నా లైబ్రరీయే క్షేమమని సమాధానం చెబితే, ఆమె ఇంగ్లీషులో నాలుగు తప్పులున్నా ఆ వ్యాసం పని చేసినట్టే. మొదటివాడి ఇంగ్లీషు నిర్దోషంగా ఉన్నా అతని వ్యాసం పని చేయలేదు. ఈ తేడాను మార్కుల్లో చూపించగలగడమే ఈ ప్రశ్న వల్ల మనకు కలిగే లాభం.

ప్రశ్నతోపాటు సూచనలు, పాయింట్లు ఎన్ని ఇవ్వవచ్చు?

పై ప్రశ్నలో ఒక్కటే సూచన ఉంది: అభ్యంతరానికి సమాధానం ఇవ్వమనడం. అది ఏ అభ్యంతరమో చెప్పలేదు. “సిబ్బంది కొరత, కరెంటు ఖర్చు, అమ్మాయిల క్షేమం” అని మూడు పాయింట్లు ఇచ్చి ఉంటే మూడు పేరాలు, అదే వరుసలో, ప్రతి కాగితంలోనూ వచ్చేవి. ఆలోచించే పని మనమే చేసేసి, వాక్యాలు కూర్చే పని వారికి వదిలినట్టవుతుంది. మరీ బలహీనమైన తరగతికి పాయింట్లు ఇవ్వక తప్పకపోతే రెండు ఇచ్చి, మూడోది సొంతంగా చేర్చమనండి. బి2 ఫస్ట్ వ్యాసంలోనూ ఇదే పద్ధతి.

పరిమితి దాటినా, చేరకపోయినా మార్కులు తగ్గించాలా?

తగ్గించే పద్ధతిని ముందే చెప్పి ఉంటే తగ్గించవచ్చు. నేను మాత్రం పదాలు లెక్కపెట్టి కోత వేయను. 240 దాటిన తరువాత వచ్చే వాక్యం దగ్గర గీత గీసి, అంతవరకే చదివి మార్కులు వేస్తానని ముందుగా చెబుతాను. అసలైన కోరిక ఆ గీత కింద పడిపోయినవారు రెండోసారి ముందు పేరాలోనే చెబుతారు. తక్కువ రాసినవారికి విడిగా శిక్ష అనవసరం, ఎందుకంటే అభ్యంతరమో సమాధానమో లోపించి ఉంటుంది కాబట్టి మార్కు అక్కడే పోతుంది. శీర్షికను లెక్కలో చేర్చాలా, “డోంట్” ఒక పదమా రెండా అన్న గొడవలు రాకుండా, శీర్షిక లెక్కలోకి రాదని, మధ్యలో ఖాళీ లేనిది ఒకే పదమని మొదటి రోజే చెప్పేస్తే సరిపోతుంది.

పాఠకుడిని పెడితే వ్యాసం కాస్తా లేఖ అయిపోదా?

అవుతుంది, మనం జాగ్రత్తపడకపోతే. ఒక్క వ్యక్తి పేరు చెబితే విద్యార్థులు కుడివైపు పైన చిరునామా, తేదీ రాసి, చివర “యువర్స్ ఒబీడియెంట్‌లీ” అని సంతకం పెడతారు. కమిటీ, జూనియర్ల బృందం, గోడపత్రిక పాఠకులు వంటి సమూహాన్ని ఇస్తే ఆ లాగుడు తగ్గుతుంది. అయినా అనుమానం ఉంటే, చిరునామా, సంబోధన, సంతకం అక్కరలేదని ప్రశ్నలోనే ఒక వాక్యం చేర్చండి.

తరగతిలో ఇవ్వకముందే ప్రశ్న బాగుందో లేదో తెలుసుకోవడం ఎలా?

ముందు మీరే రాయండి, అదే సమయంలో, అదే పరిమితిలో. ఈ ఒక్క పని చేస్తే మిగతా పరీక్షల అవసరం దాదాపు ఉండదు. ఈ లైబ్రరీ ప్రశ్న మొదటి రూపంలో నేను “120 నుంచి 150 పదాలు” అని పెట్టాను. రాయడానికి కూర్చుంటే పరిస్థితి చెప్పేసరికే 100 పదాలు అయిపోయి, అభ్యంతరానికి సమాధానం ఒక్క వాక్యంలో ముగించవలసి వచ్చింది. అడుగుతున్నది ఒకటి, ఇస్తున్న చోటు ఒకటి అని అప్పుడు తెలిసింది. ఇంకో లోపం కూడా అప్పుడే బయటపడింది: నెల రోజులు అన్న మాట మొదట లేదు. ఏడాది పొడవునా తెరవమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనిదాని కోసం వాదన కట్టడం నాకే కష్టమైంది.

మీరు రాసిన తరువాత ప్రశ్నను తోటి అధ్యాపకుడికి ఇచ్చి, ఎవరికి, ఎందుకు, ఎంత రాయాలో తిరిగి చెప్పమనండి. ఆయన ప్రశ్నను మళ్లీ చూడకుండా చెప్పగలిగితే విద్యార్థికీ అందుతుంది. “అంటే లైబ్రరీ గురించే కదా” అని ఆయన అంటే, మీ ప్రశ్న ఇంకా టాపిక్ దగ్గరే ఉంది.

అదే ప్రశ్నను వచ్చే సంవత్సరం మళ్లీ వాడవచ్చా?

హాస్టల్ గదుల్లో పాత కాగితాలు చేతులు మారుతుంటాయి కాబట్టి ఉన్నదున్నట్టుగా వాడకండి. టాపిక్‌ను అలాగే ఉంచి పాఠకుడిని మార్చండి. పై ప్రశ్నలో కమిటీ స్థానంలో, ఆలస్యంగా ఇంటికి రావడానికి ఒప్పుకోని తల్లిదండ్రులను పెట్టి చూడండి. లైబ్రరీ వేళలు వారికి తెలియవు, బస్సు వేళలు మాత్రం బాగా తెలుసు. డ్యూటీ వేళల సంగతి వారికి పట్టదు, కూతురు ఎవరితో కలిసి తిరిగి వస్తుందన్నది పడుతుంది. పోయినేటి వ్యాసాన్ని చూసి రాసినవారు సిబ్బంది కొరత గురించి తల్లిదండ్రులకు వివరిస్తూ పట్టుబడిపోతారు.